లండన్‌లో మరణించిన ‘రావు’ గారి ఆస్తి

ప్రశ్న: నేను రిటైర్డ్ ప్రభుత్వోద్యోగిని. వయసు 64. మల్కాజిగిరిలో ఉంటున్నాను. నెల రోజుల కిందట లండన్ న్యాయవాది పేరుతో ఒక ఈమెయిల్ వచ్చింది. నా ఇంటిపేరే గల దూరపు బంధువు ఒకరు భార్యాబిడ్డలతో సహా రోడ్డు ప్రమాదంలో మరణించారనీ, బ్యాంకులో వారి పేర 42 లక్షల పౌండ్లు ఉన్నాయనీ, ఏకైక వారసుడిగా నేను ముందుకు రాకపోతే ప్రభుత్వం తీసేసుకుంటుందనీ రాశారు. మా తాతగారి అన్నగారి కొడుకు ఒకాయన ఎప్పుడో ఇంగ్లండు వెళ్లిన మాట నిజమే. అఫిడవిట్ ఖర్చులకని నాలుగు రోజుల కిందట రూ.18,500 పంపాను. ఆధార్, పాన్ కార్డుల నకళ్లు, క్యాన్సిల్ చేసిన చెక్కు కూడా పంపాను. ఇప్పుడు వారసత్వ పన్ను క్లియరెన్సుకు రూ.1,46,000 అడుగుతున్నారు. పది రోజులే గడువట. ఇది మోసమని మా అమ్మాయి, ఇంత దూరం వచ్చాక ఆగకూడదని మా బావమరిది అంటున్నారు. మెయిళ్లన్నీ జతచేశాను. వాటి మీద పేరున్న సంస్థ నిజమైనదేనా? ‘నేనే ఏకైక వారసుణ్ని’ అన్న అఫిడవిట్ మీద సంతకం కూడా పెట్టాను, పోలీసుల దగ్గరకు వెళ్లాలంటే జంకుగా ఉంది. ఏం చేయమంటారు?
— పేరు ప్రచురించవద్దు, మల్కాజిగిరి

సమాధానం: పన్ను పేరుతో అడుగుతున్న సొమ్ము పంపకండి. ఆ మెయిళ్లకు ఇక జవాబు కూడా ఇవ్వకండి. మీ అమ్మాయి చెప్పిందే నిజం. అది ఎలా తెలుస్తుందో కింద వివరంగా రాస్తాను. దాన్ని తీరికగా చదువుకోవచ్చు కానీ, 1930 నంబరుకు ఫోన్ చేయడం మాత్రం ఇప్పుడే చేయండి.

ఫోన్ చేసేముందు మీ బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర పెట్టుకోండి. రూ.18,500 ఏ తేదీన, ఏ ఖాతా నుంచి, ఏ ఖాతాకు వెళ్లిందో, ఆ లావాదేవీకి వచ్చిన యూటీఆర్ నంబరు ఏమిటో వారు అడుగుతారు. వివరాలు నమోదు కాగానే మీ బ్యాంకుకూ, సొమ్ము చేరిన బ్యాంకుకూ సమాచారం వెళుతుంది. సొమ్ము ఇంకా ఆ ఖాతాలో ఉంటే అక్కడే నిలిపేస్తారు. అది మరో ఖాతాకు జారిపోయి ఉంటే ఆ రెండో బ్యాంకుకు సమాచారం పంపుతారు. మీకు ఒక ఫిర్యాదు నంబరు మెసేజ్‌గా వస్తుంది. దాన్ని జాగ్రత్త చేసి, cybercrime.gov.in లో పూర్తి ఫిర్యాదు నమోదు చేసి, మెయిళ్ల ప్రింట్లతో మీ ప్రాంతపు సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషనుకు వెళ్లండి.

నాలుగు రోజులు ఆలస్యమైన మాట వాస్తవం. ఇలాంటి సొమ్ము సాధారణంగా కొన్ని గంటల్లోనే మూడు నాలుగు ఖాతాలు దాటి ఏటీఎంలలో నగదుగా బయటికి వెళ్లిపోతుంది కాబట్టి మీ పద్దెనిమిదిన్నర వేలు తిరిగి వస్తాయని ఆశ పెట్టలేను. ఎక్కడైనా కొంత నిలిచిపోయి ఉంటే దాన్ని చాలాసార్లు కోర్టు ఉత్తర్వుతో తిరిగి ఇస్తారు. తెలంగాణలో ఇటీవలి కాలంలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలాంటి సొమ్ము బాధితులకు తిరిగి అందుతోంది. బ్యాంకే నష్టం భరించాలని మాత్రం అడగలేరు. రిజర్వు బ్యాంకు 2017లో ఖాతాదారుల బాధ్యతకు పరిమితి పెట్టింది ఖాతాదారుకు తెలియకుండా జరిగిన లావాదేవీలకు. మీ విషయంలో సొమ్ము పంపినది మీరే.

ఇక మెయిళ్ల సంగతి. మీరు పంపిన పదకొండు మెయిళ్లనూ ప్రింటు తీసి, తేదీల వరుసలో బల్ల మీద పరిచి చదివాను. విడివిడిగా చదివితే ఒక్కొక్కటీ నమ్మశక్యంగానే ఉంది. వరుసలో చదివితే మాత్రం అసలు విషయం బయటపడింది.

మొదటి మెయిల్లో మీ ఇంటిపేరు ఎక్కడా లేదు. మరణించిన వ్యక్తికీ మీకూ ‘చివరి పేరు’ ఒకటేనని ఉంది, ఆ చివరి పేరు ‘రావు’. నాకు రాసిన ఉత్తరంలో దాన్ని ‘నా ఇంటిపేరే’ అని మార్చినది మీరే, బహుశా మీకు తెలియకుండానే. మన ఇంటిపేరు ముందు ఉంటుంది, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా. పేరు చివర వచ్చే రావు, రెడ్డి, శర్మ వంటివి వంశవృక్షంలో ఏ కొమ్మనూ పట్టివ్వవు. పాస్‌పోర్టు ఫారంలోనో, ఈమెయిల్ ఖాతా తెరిచేటప్పుడో ‘సర్‌నేమ్’ అన్న గడిలో మనం ‘రావు’ అని నింపుతాం. మెయిల్ రాసినవారికి దొరికినది ఆ గడిలోని మాట ఒక్కటే. ‘రావు’ ఒకటే అయినందువల్ల వారసత్వం వచ్చేటట్లయితే మల్కాజిగిరి ఓటర్ల జాబితాలో ప్రతి వీధికీ పది మంది వారసులు తేలతారు. మీ ఇంటిపేరు తెలిసిన లండన్ న్యాయవాది అయితే మొదటి మెయిల్లోనే దాన్ని రాసి ఉండేవారు.

ఆ మెయిలుకు మీరు ఆ రాత్రే జవాబు రాశారు. తాతగారి పేరు, వారి అన్నగారి పేరు, ఆ అన్నగారి కొడుకు ఉస్మానియాలో ఇంజనీరింగు చదివి 1968లో ఇంగ్లండు వెళ్లిన సంగతి, ఆ తరువాత ఉత్తరాలు ఆగిపోయిన సంగతి మూడు పేరాల్లో చెప్పారు. రెండు రోజుల తరువాత వచ్చిన మూడో మెయిల్లో మరణించిన వ్యక్తి ఒక్కసారిగా ‘మీ పితామహుని సోదరుని కుమారుడు’ అయ్యారు. ఆ బంధుత్వం లండన్ రికార్డుల్లోంచి వచ్చినది కాదు, మీరు రాసిన జవాబులోంచి తిరిగి మీకే వచ్చింది. మీకు కుదిరిన నమ్మకమంతా ఇక్కడే కుదిరిందని నా అనుమానం, ఎందుకంటే ‘వీళ్లకు మా కుటుంబం సంగతి తెలుసు’ అన్న మాట మీ ఐదో మెయిల్లో ఉంది.

ఇంకొక చిన్న ఆనవాలు కూడా ఉంది. మొదటి మెయిల్లో మరణించిన వ్యక్తి వయసు 49 ఏళ్లని, చమురు కంపెనీలో ఇంజనీరని రాశారు. 1968లో ఇంజనీరింగు పట్టాతో విమానం ఎక్కిన మనిషికి ఈపాటికి 80కి అటూ ఇటూ ఉండాలి. మూడో మెయిలు నుంచి వయసు ప్రస్తావన మాయమైంది. మొదటి మెయిల్లో ఉన్న ఏ వివరం తరువాత వినిపించకుండా పోయిందో చూడడం ఇలాంటి ఉత్తరాలను పరీక్షించడానికి నాకు తెలిసిన మంచి పద్ధతి. తీగ లాగే మనకంటే డొంకలో దాక్కున్న వాళ్లే ముందు జాగ్రత్తపడతారు.

అయినా మీ బావమరిది గారి కోసం ఒక పని చేద్దాం. మెయిల్లో చెప్పినదంతా నిజమేననీ, మీ తాతగారి అన్నగారి కొడుకే అక్కడ స్థిరపడి, భార్యాబిడ్డలు మిగలకుండా, వీలునామా రాయకుండా పోయారనీ అనుకుందాం. అప్పుడు ఇంగ్లండు చట్టం ఏం చేస్తుంది?

హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం దగ్గరి వారసులు లేకపోతే ఆస్తి మగవారి వరుసలోని జ్ఞాతులకు, వారు కూడా లేకపోతే ఆడవారి ద్వారా వచ్చిన బంధువులకు వెళుతుంది. ఎంత దూరపు చుట్టమైనా సరే, బంధుత్వం రుజువైతే చాలు. అందుకే మనకు ‘దూరపు బంధువు ఆస్తి’ అన్న మాట వింతగా తోచదు. ఇంగ్లండులో అలా కాదు. అక్కడ స్థిరనివాసం ఏర్పరచుకున్న మనిషి బ్యాంకు సొమ్ముకు అక్కడి చట్టమే వర్తిస్తుంది. ఆ చట్టంలో వరుస ఒకచోట ఆగిపోతుంది: భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, తాతయ్యలు అమ్మమ్మలు నానమ్మలు, చివరికి మేనమామలు, పినతండ్రులు, పెదతండ్రులు, మేనత్తలు, పిన్నులు, పెద్దమ్మలు. ఈ చివరి వరుసలో ఎవరైనా ముందే పోయి ఉంటే వారి సంతతి వారి స్థానంలోకి వస్తారు. ఆ గీత దాటిన వారికి, అంటే ముత్తాతగారి అన్నదమ్ముల సంతతి వంటి వారికి, ఏమీ రాదు. ఆ ఆస్తి ‘క్రౌన్’ పేర బ్రిటిష్ ప్రభుత్వానికి వెళుతుంది.

ఆశ్చర్యంగా, మీరు చెప్పిన బంధుత్వం ఆ గీతకు లోపలే పడుతుంది. మీ తాతగారు ఆయనకు చిన్నాన్న అవుతారు. తాతగారూ, నాన్నగారూ లేరు కాబట్టి వారి స్థానంలో మీరు నిలబడవచ్చు. అయితే అదే లెక్క మీ మెయిల్లోని ‘ఏకైక వారసుడు’ అన్న మాటను కొట్టేస్తుంది. మీ తాతగారికి ముగ్గురు పిల్లలని మీ జవాబులోనే ఉంది. తాతగారి భాగం ముందు ఆ మూడు కొమ్మలకు చీలుతుంది. మీ నాన్నగారి కొమ్మకు వచ్చినది మీకూ మీ చెల్లెలికీ చీలుతుంది. ఆయన తల్లి తరఫు మేనమామలు, పిన్నులు ఉంటే వారి సంతతికీ భాగం ఉంటుంది. ఇంతమంది ఎవరెవరో తేల్చకుండా ఒక్కరికి సొమ్ము ఇచ్చేసే నిర్వాహకుడు తరువాత బయటపడే వారసులకు జేబులోంచి చెల్లించవలసి వస్తుంది. అందువల్ల నిజమైన న్యాయవాది అడిగే మొదటి ప్రశ్న ‘మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, చిన్నాన్న పిల్లలు ఎంతమంది?’ అని. పదకొండు మెయిళ్లలో ఆ ప్రశ్న ఒక్కసారి కూడా లేదు. పైగా నాలుగో మెయిల్లో ‘ఈ విషయం కుటుంబ సభ్యులకు చెప్పకండి’ అని ఉంది.

పది రోజుల గడువు కూడా అలాంటిదే. వారసులు లేని ఆస్తులను చూసే బ్రిటిష్ ప్రభుత్వ విభాగానికి ‘బోనా వేకన్షియా’ అని పేరు. ఆస్తి లెక్కలు ముగించిన తేదీ నుంచి 12 ఏళ్ల వరకు వచ్చే వారసుల దరఖాస్తులను ఆ విభాగం వడ్డీతో సహా పరిష్కరిస్తుంది. ఆ తరువాత కూడా, మరణించిన నాటి నుంచి 30 ఏళ్ల వరకు, వడ్డీ లేకుండా పరిశీలిస్తుంది. ప్రభుత్వం పది రోజుల్లో ఎగరేసుకుపోతుందన్న బెదిరింపుకు అక్కడ చోటే లేదు.

ఇప్పుడు పన్ను. ఈ ఒక్కచోట వారి మాటలో సగం నిజం ఉంది, అందుకే కొంచెం ఆగి చెప్పాలి. బ్రిటన్‌లో వారసత్వ పన్ను ఉంది. 3,25,000 పౌండ్లు దాటిన ఆస్తి మీద, రాయితీలు పక్కన పెడితే, 40 శాతం. ఆస్తిని పంచే అధికారపత్రం కోర్టు నుంచి రావాలంటే అంతకుముందే పన్ను కట్టాలన్నదీ, సాధారణంగా ఆ అధికారపత్రం చూపనిదే బ్యాంకు సొమ్ము వదలదన్నదీ నిజమే. ఏడో మెయిల్లో మీరు చాలా తెలివైన ప్రశ్న అడిగారు: ‘ఆ 42 లక్షల్లోంచే పన్ను మినహాయించుకుని మిగతాది పంపండి’ అని. ‘ఖాతాకు సీలు పడింది, చట్టం ఒప్పుకోదు’ అని వారు జవాబిచ్చారు. చట్టం ఒప్పుకుంటుంది. ఈ చిక్కుముడి ఈ పన్ను పడే ప్రతి ఇంగ్లిష్ కుటుంబానికీ వస్తుంది కాబట్టి దానికి అక్కడ ఒక ఫారమే ఉంది. IHT423 అనే ఆ ఫారం నింపి ఇస్తే మరణించినవారి బ్యాంకు, వారి ఖాతాలోంచే, అధికారపత్రం రాకముందే, సొమ్మును నేరుగా పన్నుల శాఖకు పంపుతుంది. ఆ పని చేయించవలసినది ఆస్తి నిర్వాహకుడు. మల్కాజిగిరిలో ఉన్న వారసుడు తన పింఛనులోంచి కట్టవలసిన అవసరం లేదు.

అంకెలు కూడా ఒకసారి చూడండి. 42 లక్షల నుంచి 3,25,000 తీసేస్తే 38,75,000 పౌండ్లు మిగులుతాయి. అందులో 40 శాతం అంటే పదిహేనున్నర లక్షల పౌండ్లు. మీ దగ్గర అడిగినది రూ.1,46,000, అంటే పన్నెండు వందల పౌండ్లకు అటూ ఇటూ. ఆ మొత్తం ఏ పన్ను లెక్కలోంచీ వచ్చినది కాదు. క్యాన్సిల్ చేసిన చెక్కుతోపాటు వారు అడిగి తెప్పించుకున్న ‘ఆదాయ వివరాల పత్రం’లో మీ పింఛను మొత్తం రాశారు కదా, ఈ లక్షా నలభై ఆరు వేలు దానికి ఇంచుమించు రెండున్నర రెట్లు. మీరు బంధువుల దగ్గర పెద్దగా అప్పు చేయకుండా ఇవ్వగలిగినంత అడిగారు. ఇది కడితే తరువాత ఉగ్రవాద నిరోధక ధ్రువపత్రమనీ, స్టాంపు సుంకమనీ, బదిలీ ఛార్జీ అనీ వస్తాయి. ఈ మోసం నడిచే తీరే అది. ప్రతి మెట్టు మీదా ఇదే ఆఖరిదంటారు.

మన వైపు నుంచి కూడా కట్టవలసిన వారసత్వ పన్ను ఏదీ లేదు. ఎస్టేట్ డ్యూటీని మన దేశం 1985లో రద్దు చేసింది. వారసత్వంగా వచ్చిన సొమ్మును ఆదాయంగా పరిగణించి పన్ను వేయరు, ఆ తరువాత దాని మీద వచ్చే వడ్డీకే పన్ను. తొమ్మిదో మెయిలుకు జతచేసిన, రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న ‘రిలీజ్ సర్టిఫికెట్’ను కూడా పట్టించుకోకండి. వ్యక్తుల ఖాతాలు తమ దగ్గర ఉండవనీ, ఇలాంటి సొమ్ము విడుదల కోసం తాము ఎవరికీ మెయిళ్లు పంపమనీ రిజర్వు బ్యాంకు ఎన్నోసార్లు ప్రకటించింది. విదేశం నుంచి నిజంగా వచ్చే సొమ్ము ఒక బ్యాంకు నుంచి మీ బ్యాంకుకు వస్తుంది. ఆ సొమ్ము ఎక్కడిదని అడిగేది మీ బ్రాంచి మేనేజరు.

ఇంత చట్టం చదవడానికి ఓపిక లేని వారికి ఒక్క విషయం చాలు: సొమ్ము ఎవరి ఖాతాలో వేయమన్నారు? మీరు మొదటి మొత్తాన్ని వేసినది వేరే రాష్ట్రంలోని ఒక వ్యక్తి సేవింగ్స్ ఖాతాలో. ఇప్పుడు ఇచ్చిన ఖాతా ఇంకొక రాష్ట్రంలోని ఇంకొక వ్యక్తిది. వీరు ‘మా భారతీయ ప్రతినిధులు’ అన్నారు. లండన్ న్యాయవాది రుసుము గానీ, బ్రిటిష్ పన్ను గానీ ఒక వ్యక్తి సేవింగ్స్ ఖాతాలోకి ఐఎంపీఎస్ ద్వారా చేరే మార్గం లేదు. కమీషను ఆశకు తమ ఖాతా, ఏటీఎం కార్డు అప్పగించిన వారి పేర్లే అవి చాలావరకు. పోలీసులు మ్యూల్ ఖాతాలనేవి వాటినే. మీ ఫిర్యాదులో రెండు ఖాతాల నంబర్లూ రాయండి. రెండోదానికి మీరు సొమ్ము పంపకపోయినా, మీలాంటి మరొకరు ఈ వారమే పంపుతూ ఉండవచ్చు.

మెయిలు మీద ఉన్న సంస్థ పేరు గురించి అడిగారు. అలాంటి సంస్థ లండన్‌లో నిజంగానే ఉండవచ్చు. ఇంగ్లండు సొలిసిటర్ల నియంత్రణ సంస్థ తన వెబ్‌సైటులో అందరి పేర్ల పట్టిక ఉంచుతుంది. మోసగాళ్లు పేర్లు ఏరుకునేది కూడా అక్కడి నుంచే. కాబట్టి పేరు కనిపించడం రుజువు కాదు. ఆ పట్టికలో ఉన్న ఫోన్ నంబరుకు మీరుగా ఫోన్ చేసి అడిగితే అది రుజువు. మెయిల్లోని నంబరుకు చేస్తే మెయిలు పంపినవారే ఎత్తుతారు. మీ జీమెయిల్లో ఆ మెయిలు తెరిచి, పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, Show original చూడండి. From దగ్గర సంస్థ పేరుతో ఉన్న చిరునామా, Reply-To దగ్గర ఎవరైనా ఉచితంగా తెరవగల ఖాతా కనిపిస్తాయి. మీరు రాసిన జవాబులన్నీ ఆ రెండోదానికే వెళ్లాయి. ఆ పేజీని కూడా ప్రింటు తీసి పోలీసులకు ఇవ్వండి, దర్యాప్తుకు మెయిల్లోని మాటలకన్నా అదే పనికొస్తుంది.

పోలీసుల దగ్గరకు వెళ్లడానికి మీరు జంకుతున్నారని, ‘నేనే ఏకైక వారసుణ్ని’ అన్న అఫిడవిట్ మీద సంతకం పెట్టడమే దానికి కారణమని మీ ఉత్తరం చివర చదివి గ్రహించాను. వారు ఆ సంతకం పెట్టించినది కొంతవరకు అందుకే. ఆ కాగితాన్ని దాచకుండా ముందుగానే చూపండి. వారు పంపిన నమూనా మీద, వారు చెప్పిన మాట నమ్మి పెట్టిన సంతకం అది. దాన్ని మీరు ఏ కోర్టులోనూ, ఏ బ్యాంకులోనూ వాడలేదు. మోసం చేసినది వారు. మారువేషంతో చేసే మోసం మన పాత శిక్షాస్మృతిలో 419వ సెక్షను, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 319. నైజీరియా శిక్షాస్మృతిలో మోసాన్ని శిక్షించేదీ యాదృచ్ఛికంగా 419వ సెక్షనే. ఈ తరహా ఉత్తరాలకు ప్రపంచమంతా ‘ఫోర్ వన్ నైన్’ అన్న పేరు స్థిరపడినది దాన్నిబట్టే. ఈమెయిళ్లు రాకముందు ఇవి పోస్టులోనూ, ఫ్యాక్సులోనూ వచ్చేవి.

నాకు పద్దెనిమిదిన్నర వేలకన్నా మీరు పంపిన కాగితాల గురించే ఎక్కువ ఆందోళనగా ఉంది. ఆధార్ బయోమెట్రిక్‌ను యూఐడీఏఐ వెబ్‌సైటులో ఈ రోజే లాక్ చేయండి, మీ అమ్మాయి ఐదు నిమిషాల్లో చేసిపెడుతుంది. మీ పేరు మీద ఎన్ని సిమ్ కార్డులు ఉన్నాయో sancharsaathi.gov.in లో చూసి, మీవి కానివి ఉంటే అక్కడే తెలియజేయండి. పాన్‌తో మీ పేర ఎవరైనా అప్పు తీసుకున్నారా అన్నది క్రెడిట్ రిపోర్టులో తెలుస్తుంది. ఒక్కో క్రెడిట్ సమాచార సంస్థ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తుంది కాబట్టి, ఒక సంస్థ దగ్గర ఇప్పుడు, ఇంకొకదాని దగ్గర మూడు నెలల తరువాత తీసుకోండి. ఇప్పుడు తీసుకున్నదాంట్లో ఏమీ కనిపించకపోతే నిశ్చింతగా ఉండకండి, కొత్త అప్పు రిపోర్టుకెక్కడానికి కొంత సమయం పడుతుంది.

క్యాన్సిల్ చేసిన చెక్కు వల్ల వచ్చే ప్రమాదం వేరు. దానితో మీ ఖాతాలోంచి నేరుగా సొమ్ము తీయలేరు, కానీ మీ ఖాతాలో సొమ్ము వేయగలరు. ఒక రోజు మీ ఖాతాలోకి ఏ ఇరవై వేలో, యాభై వేలో వచ్చి పడి, ‘వారసత్వ సొమ్ములో తొలి విడత పంపాము, పరీక్షార్థం ఇందులో సగం ఫలానా ఖాతాకు పంపండి’ అని మెయిలు రావచ్చు. ఆ సొమ్ము మీలాగే మోసపోయిన మరొకరిది. దాన్ని ముందుకు పంపితే మీ ఖాతా కూడా మ్యూల్ ఖాతాల పట్టికకెక్కి, పింఛను పడే ఖాతా స్తంభించిపోతుంది. తెలియని సొమ్ము వస్తే ఒక్క రూపాయి కదపకుండా, బ్రాంచికి వెళ్లి కాగితం మీద రాసి ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి.

ఇంకొన్నాళ్లకు మరో ఫోన్ వస్తుంది. సైబర్ పోలీసునని ఒకరు, లండన్‌లో దొంగలు దొరికారని ఇంకొకరు, పోయిన సొమ్ము తిరిగి ఇప్పించడానికి ‘ప్రాసెసింగ్ ఫీజు’ కట్టమంటారు. సొమ్ము పోగొట్టుకున్నవారి పేర్లు, నంబర్లు ఈ ముఠాల మధ్య చేతులు మారుతుంటాయి. సొమ్ము తిరిగి ఇప్పించే నిజమైన పద్ధతిలో, పైన చెప్పిన కోర్టు మార్గంలో, పోలీసులు మీ దగ్గర రుసుము అడగరు.

చివరిగా, ఆ 1968 నాటి మనిషి. మీ ఉత్తరంలో ఆయన గురించిన వాక్యాల్లో ఆశకన్నా బెంగే ఎక్కువ కనిపించింది, అందుకని ఇది కూడా రాస్తున్నాను. ఇంగ్లండు, వేల్సులలో ఆస్తి పంపకానికి అధికారపత్రం జారీ అయిన ప్రతి మరణం బ్రిటిష్ ప్రభుత్వ వెబ్‌సైటులోని ప్రొబేట్ రికార్డుల పేజీలో ఉంటుంది. పేరు, మరణించిన సంవత్సరం ఇచ్చి ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. ఆయన ఇంటిపేరుతో ఒకసారి, చివరి పేరుతో ఒకసారి, కొన్ని సంవత్సరాలు ముందుకూ వెనక్కూ మార్చి చూడండి. మన పేర్లను అక్కడ ఎలా నమోదు చేశారో ముందుగా చెప్పలేం. వారసులను వెతికిపెట్టే సంస్థలు కూడా అక్కడ నిజంగానే ఉన్నాయి, అవి కూడా హఠాత్తుగానే ఉత్తరం రాస్తాయి. కానీ అవి వంశవృక్షాన్ని ముందే తయారుచేసుకుని వస్తాయి, బంధుత్వానికి రుజువు పత్రాలు అడుగుతాయి, తమ వాటాను వచ్చిన సొమ్ములోంచి చివరన తీసుకుంటాయి.

అయితే వెబ్‌సైటులో వెతకడానికన్నా ముందు మీ మేనత్తగారికి ఫోన్ చేయండి. ఆవిడ ఇంకా వరంగల్‌లోనే ఉన్నారని మీరే మూడో పేరాలో ఆ అపరిచితుడికి రాశారు. ఆ మనిషి ఇంగ్లండులో ఏ ఊళ్లో ఉండేవారో, పెళ్లయిందో లేదో, ఆఖరి ఉత్తరం ఎప్పుడు వచ్చిందో తెలిసిన వారు ఎవరైనా మిగిలి ఉంటే అది ఆవిడే. మెయిలు చెప్పిన మాటను పక్కన పెడితే, ఆయన పోయారనడానికి మీ దగ్గర ఇప్పటికి వేరే ఆధారమేమీ లేదు.